ఒకే ప్యాకేజీనా, వేర్వేరు పాలసీలా? చిన్న షాపు బీమాలో ఏది మేలు

మా బావది స్టేషనరీ షాపు. ముందు వైపు పెన్నులు, నోటు పుస్తకాలు, క్యాలిక్యులేటర్లు. పక్కన రెండు జిరాక్స్ మిషన్లు, ఒక ల్యామినేషన్ మిషన్. వెనక గదిలో కాగితం రీములు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. పోయిన నెల ఒక ఏజెంటు వచ్చి, "అగ్ని ప్రమాదం, దొంగతనం, మీ ఆరోగ్యం, మూడూ ఒకే పాలసీలో వచ్చేస్తాయి సార్, ఒకే ప్రీమియం, ఒకే సంతకం" అని ఫారం ఇచ్చి వెళ్లాడట. బావ నాకు ఫోన్ చేసి, "ఒకే దెబ్బకి మూడు పిట్టలు కదా, కట్టేయమంటావా?" అన్నాడు.

నేను చాలా ఏళ్లు చిన్న షాపుల ఖాతాలు రాశాను. క్లెయిమ్ పడ్డప్పుడు, నష్టం లెక్క కట్టడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ పక్కన కూర్చుని బిల్లులు తీసి చూపించే పని ఎక్కువసార్లు నా మీదే పడేది. అందుకే సంతకం పెట్టకుండా ఫారం పట్టుకుని రమ్మన్నాను.

ఫారంలో అగ్ని ప్రమాదానికి 8 లక్షలు, దొంగతనానికీ అదే 8 లక్షలు అని నింపి ఉంది. ఆరోగ్యం అన్నచోట మాత్రం చిన్న అక్షరాల్లో రెండు సంగతులు ఉన్నాయి: ప్రమాదంలో చనిపోయినా, కాలో చెయ్యో పోయినా 5 లక్షలు, ఆసుపత్రిలో పడుకుంటే రోజుకి 1,000. అంతే.

"ఈ 8 లక్షలు ఎక్కడివి బావా?"

"సరుకు ఎంత ఉంటుందని అడిగాడు. చెప్పాను. అదే రెండు చోట్లా రాసుకున్నాడు."

గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. ఈ మూడు ప్రమాదాల కొలత ఒకటి కాదు. నిప్పు అంటుకుంటే షాపు మొత్తం పోవచ్చు. దొంగ మాత్రం ఒక్క రాత్రిలో మోయగలిగినంతే పట్టుకుపోతాడు. ఒంటికి వచ్చే జబ్బుకి షాపు సైజుతో సంబంధమే లేదు, పాన్ డబ్బా నడిపేవాడికీ పెద్ద షోరూమ్ ఓనరుకీ గుండె ఆపరేషన్ ఖర్చు ఒకటే. మూడింటినీ ఒకే గంపలో వేసి ఒకే అంకె రాస్తే ఒకచోట అనవసరంగా ఎక్కువ కడతాం, ఇంకోచోట అవసరమైనంత రాదు.

మా ముందున్న దారులు మూడు. ఏజెంటు చెప్పినట్టు అన్నీ కలిపిన ప్యాకేజీ ఒకటి. అగ్నికి, దొంగతనానికి, ఆరోగ్యానికి మూడు విడివిడి పాలసీలు ఇంకొకటి. షాపుకి సంబంధించిన రెండూ ఒక ప్యాకేజీలో పెట్టి ఆరోగ్యాన్ని బయట వేరేగా తీసుకోవడం మూడోది. ఏది మేలో తేలాలంటే ముందు ఒక్కో ప్రమాదంలో డబ్బు ఎలా లెక్క కడతారో చూడాలి.

అగ్ని: తక్కువ రాస్తే తక్కువే కాదు, వంతుల్లో కోత

చాలామంది షాపు వాళ్లు ఇలా అనుకుంటారు: "సరుకు 12 లక్షలున్నా అంతా కాలిపోదులే, 8 లక్షలకి రాయించుకుంటే 8 లక్షల లోపు నష్టం ఎంతైనా వస్తుంది." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఫైర్ పాలసీల్లో యావరేజ్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది. అసలు విలువలో ఎన్నో వంతుకి బీమా చేయించావో, నష్టంలోనూ అన్నో వంతే ఇస్తామని దాని అర్థం.

బావ షాపుకే పెట్టి చూద్దాం. బడులు తెరిచే సీజన్‌కి ముందు ఆయన దగ్గర సరుకు 12 లక్షలకి చేరుతుంది. మిగతా రోజుల్లో 8 లక్షలు. ఏజెంటు అడిగింది మామూలు రోజుల్లో కాబట్టి 8 చెప్పాడు. ఇప్పుడు సీజన్‌లో ఒక రాత్రి వెనక గది అంటుకుని 6 లక్షల సరుకు పాడైందనుకోండి. ఆ రోజు ఉన్న సరుకు 12 లక్షలు, బీమా 8 లక్షలు. అంటే మూడింట రెండు వంతులకే బీమా ఉంది. కాబట్టి 6 లక్షల నష్టంలో మూడింట రెండు వంతులు, 4 లక్షలే లెక్కలోకి వస్తాయి. దాని మీద ఎక్సెస్ ఉంటుంది, అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ మన జేబులోంచి పోవాల్సిన వాటా. అది 5 శాతం అనుకుంటే 20 వేలు తీసేసి చేతికి 3 లక్షల 80 వేలు వస్తాయి. 8 లక్షల బీమా ఉన్నవాడికి 6 లక్షల నష్టంలో 2 లక్షల 20 వేలు సొంతంగా పోయినట్టు.

బావ ఈ లెక్క రెండుసార్లు వేయించుకున్నాడు. "మరి వాళ్లకెలా తెలుస్తుంది, ఆ రాత్రి నా దగ్గర 12 ఉందని? కాలిపోయింది కదా!"

తెలుస్తుంది. సర్వేయర్ బూడిదని లెక్కపెట్టడు, కాగితాల మీద వెనక్కి నడుస్తాడు. సంవత్సరం మొదట్లో ఉన్న సరుకు 8 లక్షలు. అప్పటి నుంచి కొన్నది 12 లక్షలు, బిల్లులు ఉన్నాయి. అమ్మింది 10 లక్షలు. అమ్మకంలో లాభం 20 శాతం ఉంటుందని పాత ఖాతాలు చెబుతున్నాయి, కాబట్టి ఆ 10 లక్షల అమ్మకంలో సరుకు ఖరీదు 8 లక్షలు. మొదటి 8కి 12 కలిపి అందులోంచి 8 తీసేస్తే, ఆ రాత్రి షాపులో ఉండాల్సింది 12 లక్షలు. బల్ల మీద కాలిక్యులేటర్‌తో పది నిమిషాల పని. ఎక్కువ నష్టం చూపించాలనుకునేవాడిని ఈ లెక్కే పట్టుకుంటుంది, తక్కువ బీమా చేయించుకున్నవాడినీ ఇదే పట్టుకుంటుంది.

ఒకసారి ఒక ఖాతాదారు షాపు కాలినప్పుడు వెళ్లాను. ఫైర్ ఇంజను వెళ్లిపోయి చాలాసేపైంది. నేల మీద మడమ దాకా నల్లటి నీళ్లు. అరలో నిలబెట్టిన లెడ్జర్ ఒకటి అలాగే ఉంది. మూసి ఉన్న లావు పుస్తకం పూర్తిగా కాలదు, లోపలికి గాలి దూరదు కదా. అంచులు మాత్రం వేలెడు మేర బొగ్గయ్యాయి. సర్వేయర్ దాన్ని బల్ల మీద పెట్టి చాకుతో ఒక్కో పేజీ విడదీశాడు. లోపల అంకెలు చక్కగా కనిపిస్తున్నాయి. కానీ కొనుగోలు బిల్లులు విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవి, అవన్నీ కరిగి ముద్దయ్యాయి. హోల్‌సేల్ వాళ్ల దగ్గరికి తిరిగి కాపీలు తెచ్చుకోవడానికి రెండు నెలలు పట్టింది, అన్నాళ్లూ క్లెయిమ్ కదల్లేదు. అప్పటి నుంచి నేను ఎవరి ఖాతా రాసినా ఒకే మాట చెబుతున్నాను. కొనుగోలు బిల్లు వచ్చిన రోజే ఫోటో తీసి ఇంట్లో ఉండేవాళ్ల ఫోన్‌కి పంపండి. నెలాఖరున షాపంతా ఒక వీడియో తీసి పెట్టండి.

విలువ రాసేటప్పుడు తికమక పడే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. సరుకుకి కొన్న ధరే లెక్క, అమ్మే ధర కాదు. లాభం కలిపి రాస్తే ప్రీమియం ఎక్కువ కట్టడమే తప్ప ఆ లాభం ఎవరూ ఇవ్వరు. మిషన్లకి రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి మార్కెట్ విలువ, అంటే వాడిన ఏళ్లకి అరుగుదల తీసేసి ఇవ్వడం. రెండోది అలాంటి కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు ఇవ్వడం, దీన్ని రీఇన్‌స్టేట్‌మెంట్ అంటారు. బావ జిరాక్స్ మిషన్లలో ఒకటి చాలా పాతది, అమ్మితే పాతిక వేలు కూడా రావు, అదే కొత్తది కొనాలంటే లక్షన్నర. మార్కెట్ విలువ పద్ధతిలో కాలిపోతే ఆ పాతిక వేలు ఇచ్చి చేతులు దులుపుకుంటారు, దానితో షాపు మళ్లీ తెరవలేం. కాబట్టి మిషన్లకి రెండో పద్ధతి అడగాలి, అడిగినప్పుడు కొత్త ధరే రాయాలి. పాత ధర రాసి కొత్తది ఇమ్మంటే మళ్లీ యావరేజ్ వచ్చి కూర్చుంటుంది.

షాపు అద్దెది. గోడలు, పైకప్పు యజమానివి, వాటి బీమా ఆయన చూసుకోవాలి. కానీ బావ సొంత డబ్బుతో వేయించిన అరలు, ఫాల్స్ సీలింగ్, వైరింగ్ బావవి. ఫారంలో అవి ఎక్కడా లేవు. ఇంకో సంగతి, ఒక కంపెనీ వాళ్లు అమ్మి పెట్టమని ఇచ్చిన పెన్నుల స్టాండు ఒకటి ఉంది. అమ్మాకే డబ్బు కట్టే సరుకు. చట్టం లెక్కన అది ఇంకా బావది కాదు. "నమ్మకం మీద ఉంచిన ఇతరుల సరుకు" అని పాలసీలో రాస్తే తప్ప అది కాలితే బావ జేబుకే చిల్లు.

సీజన్ పెరుగుదలకి పరిష్కారం అంత ఖరీదేమీ కాదు. ఏడాదంతా 12కి చేయించుకోవచ్చు. లేదా 8కి చేయించుకుని, సరుకు దిగే ముందే ఒక ఉత్తరం రాసి, ఆ కొన్ని నెలలకి మొత్తం పెంచమని అడగొచ్చు, ఆ కాలానికి అదనపు ప్రీమియం కడితే ఎండార్స్‌మెంట్ అని ఒక కాగితం వస్తుంది. సరుకు దిగాక కాదు, దిగే ముందు. నన్నడిగితే బావ లాంటి మతిమరుపు మనిషికి మొదటిదే నయం. కొన్ని పాలసీలు కొద్ది శాతం తేడాని చూసీచూడనట్టు వదిలేస్తాయి కూడా. ఎంత శాతమో రాతలో ఉందో లేదో చూసుకోవాలి, ఏజెంటు నోటి మాటగా కాదు.

కరెంటు మాట కూడా ఇక్కడే చెప్పాలి. షార్ట్ సర్క్యూట్ అయి మంట పక్కకి పాకితే పాకిన నష్టం ఇస్తారు. కానీ షార్ట్ ఎక్కడ పుట్టిందో ఆ మిషన్ ఒక్కటీ చాలా పాలసీల్లో బయటే. మంటలు ఆర్పడానికి కొట్టిన నీళ్లకి తడిసిన కాగితం మాత్రం అగ్ని నష్టం కిందికే వస్తుంది. స్టేషనరీ షాపుకి ఇది చిన్న విషయం కాదు, నేను చూసిన చోటల్లా కాలిన రీముల కన్నా తడిసిన రీములే ఎక్కువ.

దొంగతనం: మాట ఒకటే, అర్థాలు నాలుగు

అగ్ని బీమా పాతది. 1666లో లండన్ తగలబడ్డాక 1680ల నాటికే అక్కడ ఇళ్లకి బీమా అమ్మే ఆఫీసులు వచ్చాయి. దొంగతనం బీమా నిలదొక్కుకునేసరికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇల్లు కాలితే ఊరంతా చూస్తుంది. సరుకు పోయిందంటే చెప్పేవాడి మాట తప్ప ఏముంటుంది? అందుకే ఈ పాలసీలు ఒక గుర్తు అడుగుతాయి. బలవంతంగా లోపలికి వచ్చినట్టో, బయటికి పోయినట్టో ఆనవాలు ఉండాలి. షట్టర్ వంగాలి, తాళం పగలాలి, కిటికీ చువ్వ కోయాలి.

సర్వేయర్ వచ్చీ రాగానే చేసే మొదటి పని షట్టర్ ముందు గొంతుకూర్చుని టార్చి వేసి చూడటం. గునపం పెట్టి ఎత్తితే కింద అంచు పైకి వంగుతుంది, పెయింటు రాలి లోపలి ఇనుము కొత్తగా మెరుస్తుంది. తాళం కోస్తే కోసిన చోటు కొత్తగా కనిపిస్తుంది. ఆ గుర్తులు ఫోటో తీసి, పోలీసు ఫిర్యాదులో ఉన్న మాటతో సరిపోల్చుకుంటాడు. అందుకే దొంగతనం జరిగిన పొద్దున్న కంగారులో వెల్డింగ్ వాణ్ని పిలిచి షట్టర్ బాగు చేయించకూడదు. ముందు ఫోటోలు, తర్వాత పోలీసులు, ఆ తర్వాత బీమా వాళ్లకి కబురు. ఆ రాత్రికి కాపలా పెట్టుకోవచ్చు గానీ, వాళ్లు చూసేదాకా వంకరని సరిచేయకూడదు.

మారు తాళంచెవితో తీసి పట్టుకుపోతే గుర్తు ఉండదు, మామూలు పాలసీలో డబ్బూ రాదు. పట్టపగలు కౌంటర్ మీది క్యాలిక్యులేటర్ ఎవడో జేబులో వేసుకుపోతే అది కూడా బయటే. పనివాడు నెలల తరబడి ఇంకు కార్ట్రిడ్జ్‌లు ఒక్కొక్కటే పట్టుకెళ్తే దానికి వేరే పాలసీ ఉంది, ఫిడిలిటీ అంటారు. ఇక ఏడాది చివర లెక్కలో సరుకు తక్కువ తేలితే దానికి ఏ పాలసీ లేదు. నలుగురూ దొంగతనం అనే మాటే వాడతారు. పాలసీ మాత్రం తాళమో షట్టరో పగలగొట్టిన రకాన్నే దొంగతనం అంటుంది.

గల్లాపెట్టెలో డబ్బు ఇంకో చిక్కు. రాత్రి సొరుగులో వదిలిన నగదుకి సాధారణంగా ఏమీ రాదు. తాళం వేసిన ఇనప పెట్టెలో ఉండాలి, అదీ రాసిన పరిమితి వరకే. షాపు వరసగా ఇన్ని రోజులు మూసి ఉంటే దొంగతనం బీమా ఆగిపోతుందన్న షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటుంది. కుటుంబంతో పదిహేను రోజులు ఊరెళ్లే వాళ్లు ముందే చెప్పి రాయించుకోవాలి.

ఇప్పుడు అంకె దగ్గరికి వద్దాం. 12 లక్షల సరుకులో ఒక్క రాత్రిలో దొంగ ఎంత మోయగలడు? కాగితం రీములు ఎవడూ ఎత్తుకుపోడు, బరువెక్కువ, విలువ తక్కువ. పోయేవి క్యాలిక్యులేటర్లు, పెన్‌డ్రైవ్‌లు, ఖరీదైన పెన్నులు, కార్ట్రిడ్జ్‌లు. బావతో కలిసి అరలు చూసి లెక్కేస్తే రెండున్నర లక్షలకి మించలేదు. ఇలాంటి వాటికే ఫస్ట్ లాస్ అనే పద్ధతి ఉంది. మొత్తం సరుకు 12 లక్షలని నిజం చెప్పి, అందులో పావు వంతు, 3 లక్షల వరకే దొంగతనం బీమా చేయించుకుంటాం. ప్రీమియం బాగా తగ్గుతుంది. 3 లక్షల లోపు నష్టానికి వంతుల కోత ఉండదు. కాకపోతే మొత్తం విలువ దగ్గర తగ్గించి చెబితే మాత్రం కోత వెనక తలుపు గుండా వచ్చేస్తుంది. నగలో, మొబైల్ ఫోన్లో అమ్మే షాపుకి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఒక్క సంచిలో షాపంతా పోతుంది.

అగ్నికీ దొంగతనానికీ మధ్య ఒక సందు ఉంది, ప్యాకేజీకి అనుకూలంగా నేను చెప్పగలిగిన గట్టి మాట అదే. మంటలు లేచిన గందరగోళంలో జనం సరుకు ఎత్తుకుపోతే ఏ పాలసీ ఇవ్వాలి? కొన్ని ఫైర్ పాలసీలు ప్రమాదం తర్వాత జరిగిన దొంగతనం మాది కాదంటాయి. దొంగతనం పాలసీ తాళం పగిలిందా అంటుంది. తలుపు పగలగొట్టింది ఫైర్ సిబ్బంది. రెండూ రెండు కంపెనీల దగ్గర ఉంటే షాపువాడు బంతిలా అటూ ఇటూ తిరగాలి. ఒకే కంపెనీ, ఒకే సర్వేయర్ అయితే వాదన అక్కడికక్కడే తేలుతుంది. ఈ షరతు ఎలా ఉందో చదివి తీసుకుంటే షాపు వరకు ప్యాకేజీయే మేలు.

ఆరోగ్యం: షాపుతో ముడి పెట్టకూడనిది

ఇక మూడోది. ఇక్కడ నాకు మొహమాటం లేదు, ప్యాకేజీలోని ఆరోగ్యం భాగం ఆరోగ్య బీమా కాదు. బావ ఫారంలో ఉన్నదాన్నే చూడండి. మొదటిది ప్రమాద బీమా. మెట్ల మీంచి పడితే పనికొస్తుంది. షుగరు ముదిరితే, గుండెలో బ్లాక్ తేలితే, డెంగీ వస్తే ఒక్క పైసా రాదు. రెండోది రోజుకి 1,000. ఆపరేషన్‌కి ఆరు రోజులు పడుకుని బిల్లు 1 లక్షా 80 వేలు అయితే దీని కింద వచ్చేది 6 వేలు. కొన్నింట్లో మొదటి రోజు కూడా కొట్టేస్తారు.

దీనికి పక్కన అసలు ఆరోగ్య పాలసీని పెట్టండి. అది బిల్లు కడుతుంది, పరిమితి లోపల. దానికీ మెలికలు ఉన్నాయి. మొదటి కొన్ని వారాలు ప్రమాదాలకి తప్ప దేనికీ రాదు. ముందే ఉన్న జబ్బులకి నెలలో ఏళ్లో ఆగాలి. గది అద్దెకి పరిమితి పెట్టిన పాలసీలో అంతకి రెట్టింపు అద్దె గది తీసుకుంటే, గది ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు లాంటి వాటిలోనూ అదే వంతున కోయొచ్చు. అగ్ని దగ్గర చూసిన యావరేజే ఆసుపత్రి బట్టలు వేసుకుని వచ్చిందనుకోండి. అయినా 1 లక్షా 80 వేల బిల్లుకి 6 వేలు ఇచ్చేదీ, బిల్లే కట్టే ఈ పాలసీ, రెండూ ఒకే తక్కెడలో పెట్టేవి కావు. ప్రభుత్వ వైద్యం నమ్మకంగా దొరికే చోట ఈ ఖర్చు బెంగ తక్కువ, అలాంటి వాళ్లకి కింద చెప్పబోయే ఆదాయం సంగతే ముఖ్యం.

అసలు అభ్యంతరం అది కాదు. షాపు పాలసీ షాపుతో బతుకుతుంది, షాపుతో పోతుంది. రేపు బావ షాపు అమ్మేశాడనుకోండి, లేదా ప్రీమియం ఎక్కువైందని వేరే ప్యాకేజీకి మారాడనుకోండి. ఆరోగ్యం భాగం కూడా దానితోనే ముగుస్తుంది. అప్పటికి వయసు యాభై దాటి ఉంటుంది, బీపీ వచ్చి ఉంటుంది. కొత్తగా ఆరోగ్య పాలసీ అడిగితే ఎక్కువ ప్రీమియం, ముందే ఉన్న జబ్బంటూ మళ్లీ మొదటి నుంచి నిరీక్షణ. అదే విడిగా తీసుకుని ఏటా కడుతూ వస్తే ఆ నిరీక్షణ కాలం ఎప్పుడో గడిచిపోయి ఉండేది. సరుకు బీమాలో గడిచిన ఏళ్లకి విలువ లేదు. ఆరోగ్య బీమాలో గడిచిన ఏళ్లే విలువ. ఈ ఒక్క తేడా చాలు, ఆ రెండింటినీ ఒక ముడి వేయకూడదనడానికి.

బావకి మూడేళ్లుగా షుగరు ఉంది. "మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది, రాయాలా?" అని గొంతు తగ్గించి అడిగాడు. రాయాలి. రాస్తే కొంత ఎక్కువ ప్రీమియమో, కొంత కాలం ఆగడమో. రాయకపోతే ఆసుపత్రి కేసు షీట్‌లో మొదటి వరసలోనే "మూడేళ్లుగా షుగరు" అని డ్యూటీ డాక్టరు రాస్తాడు, చెప్పేది మనమే కదా. ఆ కాగితమే క్లెయిమ్‌తో పాటు బీమా వాళ్ల టేబుల్ మీదికి వెళ్తుంది. క్లెయిమ్ తిరస్కరించడమే కాకుండా పాలసీనే రద్దు చేయొచ్చు.

అలాగని రోజుకింత అనే పాలసీ పనికిరానిదని కాదు, అది చేసే పని వేరు. బావ ఇరవై రోజులు మంచాన పడితే ఆసుపత్రి బిల్లుతో పాటు ఇంకోటి నడుస్తుంటుంది. షాపు అద్దె ఆగదు, కుర్రాడి జీతం ఆగదు, అమ్మకం మాత్రం ఆగిపోతుంది. ఫైర్ ప్యాకేజీల్లో "వ్యాపార అంతరాయం" అనే భాగం చూసి, ఇదే దానికి పనికొస్తుందని బావ సంబరపడ్డాడు. రాదు. షాపుకి భౌతికంగా నష్టం జరిగి, అందువల్ల వ్యాపారం ఆగితేనే ఆ డబ్బు. ఓనరు ఒళ్లు బాగోక షట్టర్ దించితే షాపుకి ఏమీ కాలేదు కదా. ఆ లోటుకే రోజువారీ నగదు పాలసీ సరిపోతుంది, అయితే ఆ అంకెని షాపు రోజు ఖర్చుతో కొలవాలి. బావ అద్దె, జీతం, కరెంటు కలిపి రోజుకి 1,400 తేలింది. ఆసుపత్రిలో ఉన్న రోజులకే ఇస్తుంది, ఇంటికొచ్చాక కోలుకునే రోజులకి ఇవ్వదు కాబట్టి 2,000 తీసుకోమన్నాను. అసలు ఆరోగ్య పాలసీ తీసుకున్నాక మిగిలితేనే.

మరి తీసుకున్నదేమిటి

మూడో దారే. మూడు పాలసీలూ పూర్తిగా విడివిడిగా అంటే మూడు గడువు తేదీలు, అగ్ని, దొంగతనం మధ్య ఆ సందు, ఇద్దరు సర్వేయర్లు. చిన్న షాపుకి అంత తిరుగుడు దండగ. అన్నీ కలిపిన ప్యాకేజీ అంటే ఆరోగ్యం పేరుతో ప్రమాద బీమా. కాబట్టి షాపుకి ప్యాకేజీ, ఒంటికి వేరే.

డబ్బు చాలనప్పుడు ఏది ముందు అని కూడా అడిగాడు బావ, ఎందుకంటే లెక్క వేసేసరికి మొదటి ఫారం కన్నా ఎక్కువే తేలింది. నా వరస ఇది: మొదట ఆరోగ్య పాలసీ, ఎందుకంటే ఆలస్యం చేసిన కొద్దీ అది ఖరీదవుతుంది, ఒక్కోసారి దొరకనే దొరకదు. తర్వాత అగ్ని, పూర్తి విలువకి. ప్రీమియం తగ్గించాలంటే బీమా మొత్తం తగ్గించకూడదు, ఎక్సెస్ పెంచుకోవాలి. చిన్న నష్టాలు మనమే భరిస్తామంటే ప్రీమియం తగ్గుతుంది, పెద్ద నష్టంలో వంతుల కోత ఉండదు. దొంగతనం చివర. మంచి తాళం, లోపల గ్రిల్లు, ఖరీదైన సరుకు రాత్రి ఇనప అల్మారాలో పెట్టే అలవాటు ఉంటే ఒక ఏడాది అది లేకపోయినా నడుస్తుంది. మొబైల్ షాపు వాడైతే ఈ వరస కొంచెం మార్చి, దొంగతనాన్ని అగ్నితో సమానంగా పెట్టమంటాను.

ఏజెంటు మళ్లీ వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. మంచివాడే, కొట్టివేతలు చూసి నొచ్చుకోలేదు. సరుకు 8 కొట్టేసి 12 రాశాం. దొంగతనం 8 కొట్టేసి "మొత్తం విలువ 12, ఫస్ట్ లాస్ 3" అని రాశాం. అరలు, సీలింగ్, వైరింగ్ ఒక వరస. మిషన్లు కొత్త ధరకి ఒక వరస. పెన్నుల స్టాండుకి ఇతరుల సరుకు కింద ఇంకో వరస. ఆరోగ్యం భాగం మీద అడ్డంగా ఒక గీత. "ఇది తీసేస్తే ప్రీమియం ఎంత తగ్గుతుంది?" అని అడిగితే ఆయన ఫోన్‌లో నొక్కి చూసి నవ్వాడు. "పెద్దగా ఏం తగ్గదండీ. ఆ భాగానికి వేసిందే కొంచెం."

బావ నా వైపు చూశాడు. ఆరోగ్య పాలసీ ఫారం ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని నింపాం, షుగరు దగ్గర అవును అని టిక్కు పెట్టి.